ఉచిత కోటా మళ్లీ మొదలయ్యే వేళ: జాబ్ వెంటనే పెట్టాలా, ఆఖర్లో పెట్టాలా?

టమాటా_బోర్డు (చిత్తూరు): పలమనేరు, వి.కోట, మదనపల్లె మార్కెట్ల టమాటా ధరలు చూపించే చిన్న యాప్ నడుపుతున్నా. డేటా ఫైర్‌స్టోర్‌లో ఉంది, ఉచిత ప్లాను, రోజుకు 50,000 రీడ్లు. రోజూ ఒక జాబ్ 42,000 రికార్డులూ చదివి సగటు ధరలు లెక్కగడుతుంది. కోటా మధ్యాహ్నం 12:30కి కొత్తగా మొదలవుతుందంటే గిట్‌హబ్ యాక్షన్స్‌లో 12:40కి పెట్టా. అక్టోబర్ దాకా బాగా నడిచింది. 2025 నవంబర్ 3 సోమవారం మాత్రం మొదలైన కాసేపటికే `RESOURCE_EXHAUSTED` అని ఆగింది. మంగళవారం ఏమీ మార్చకుండానే నడిచింది. అప్పటినుంచి కొన్ని రోజులు నడుస్తుంది, కొన్ని రోజులు చివర్లో ఆగుతుంది. రీసెట్ అయిన వెంటనే పెట్టడమే తప్పా? మరి ఎప్పుడు పెట్టాలి?

రేణిగుంట_జంక్షన్: అన్నా, నీకు టైమే తప్పు చెప్పారు. ఈ ఉచిత కోటాలన్నీ UTC అర్ధరాత్రికి మారతాయి, మనకు పొద్దున 5:30. నేను క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ వాడతా, రోజుకు లక్ష రిక్వెస్టులు, సరిగ్గా 5:30కి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నువ్వు కూడా 5:35కి పెట్టేయ్, గొడవ ఉండదు.

అలిపిరి_మెట్లు: తమ్ముడూ, క్లౌడ్‌ఫ్లేర్‌కి అది నిజమే. కానీ ఒక్కో కంపెనీ గడియారం ఒక్కోలా ఉంటుంది. ఫైర్‌స్టోర్ కోటా పసిఫిక్ టైమ్ అర్ధరాత్రి ప్రాంతంలో మారుతుంది, అంటే అమెరికా పడమటి తీరం లెక్క. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. అందుకే అదే అర్ధరాత్రి మనకు వేసవిలో 12:30, చలికాలంలో 1:30. బోర్డు తమ్ముడికి ఎవరో చెప్పిన 12:30 అబద్ధం కాదు, మార్చి నుంచి నవంబర్ దాకా మాత్రమే నిజం.

2025లో ఆ ఆదివారం నవంబర్ 2. ఆ రోజు మనకు మధ్యాహ్నం 12:30కి కోటా కొత్తగా మొదలైంది, నీ జాబ్ 12:40కి 42,000 చదివేసింది. అక్కడ గడియారం వెనక్కి జరిగింది దాని తర్వాత, మన టైమ్ 2:30కి. దాంతో ఆ కోటా రోజుకు 25 గంటలు వచ్చాయి, సోమవారం మధ్యాహ్నం 1:30 దాకా సాగింది. సోమవారం 12:40కి నీ జాబ్ మళ్లీ లేచేసరికి అక్కడ ఇంకా నవంబర్ 2వ తేదీయే, రాత్రి 11:10. ఒకే రోజు కోటాలో రెండుసార్లు 42,000 అడిగావు, అది ఎలా సరిపోతుంది? మంగళవారం నుంచి రోజుకు ఒక్కసారే పడుతోంది, కానీ కోటా రోజు మొదట్లో కాకుండా చివర్లో పడుతోంది. ముందు వాడినవాళ్లు ఎంత మిగిల్చారో దాన్ని బట్టి నడుస్తుంది లేదా ఆగుతుంది. యాప్ వాడేవాళ్ల రీడ్లు రోజుకు ఎన్ని అవుతున్నాయి?

టమాటా_బోర్డు: మామూలు రోజుల్లో 7,000 అక్కా. ధర బాగా పెరిగినా పడిపోయినా 9,000 దాకా పోతుంది.

అలిపిరి_మెట్లు: సరిపోయింది. 42,000, 7,000 కలిపితే 49,000, నడుస్తుంది. 9,000 అయితే 51,000, ఆఖరి వెయ్యి దగ్గర ఆగిపోతుంది. ఫైర్‌బేస్ కన్సోల్‌లో వాడకం గ్రాఫ్ తెరిచి, ఆగిన రోజులన్నీ యాప్ ఎక్కువ వాడిన రోజులేనా అని చూసుకో.

కాణిపాకం99: నాదీ ఇదే బాధ. గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌తో మా ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులకు మెయిల్ పంపిస్తా, మామూలు జీమెయిల్ కాబట్టి రోజుకు 100 మందికే. నేను కూడా 1:40కి మార్చుకుంటే సరిపోతుందా?

అలిపిరి_మెట్లు: సార్, మీకు ఇది పనికిరాదు. యాప్స్ స్క్రిప్ట్ కోటాకు అర్ధరాత్రితో సంబంధం లేదు, మీరు మొదటి రిక్వెస్ట్ పంపిన క్షణం నుంచి 24 గంటలకు మారుతుంది. ఈరోజు 6:10కి 100 మందికి పంపి రేపు 6:05కి మళ్లీ మొదలుపెడితే ఆగిపోతుంది. రోజూ సరిగ్గా ఒకే వేళకు పెట్టినా కొద్ది నిమిషాల తేడాకే ఇరుక్కుంటారు. అందుకే 100 నిండేలా పెట్టకండి, 50 దగ్గర ఆపి మిగతావి మర్నాటికి వదిలేయండి.

పీలేరు_బస్టాండు: అసలు విషయం ఎవరూ మాట్లాడటం లేదు. జాబ్ నడిచిందా లేదా అనే చూస్తున్నారు, రైతు సంగతేంది? వేసవిలో ఏం జరిగి ఉంటుందో ఆలోచించండి. 12:40కి జాబ్ 42,000 తినేసింది. మిగిలిన 8,000తోనే ఆ సాయంత్రం, రాత్రి, మర్నాడు పొద్దున దాకా నెట్టుకురావాలి. మా నాన్న మార్కెట్‌కి సరుకు ఎత్తేముందు తెల్లారుజామున ధర చూస్తాడు. అప్పటికి కోటా అడుగంటి ఉంటుంది. అందరూ ధర చూసే రోజునే, అంటే 9,000 అయ్యే రోజునే, పొద్దున యాప్ తిరస్కరిస్తుంది. ఫోన్‌లో దాచుకున్న నిన్నటి ధర కనిపిస్తుంది, అది ఈరోజుదే అనుకుని రైతు బయల్దేరతాడు. జాబ్ ఆగితే నీకు ఎర్ర గుర్తుతో మెయిల్ వస్తుంది. రైతుకు ఆగితే నీకు ఏ మెయిలూ రాదు. అందుకే రీసెట్ తర్వాత పెట్టడం అన్యాయం అంటాను. రీసెట్‌కి కాస్త ముందు, జనం వాడగా మిగిలిన దాంతో జాబ్ నడవాలి.

టమాటా_బోర్డు: జూలైలో ఇద్దరు ముగ్గురు రైతులు ఫోన్ చేసి పొద్దున పాత ధరే వస్తోందన్నారు బస్టాండు అన్నా. అది ఇదేనేమో.

రేణిగుంట_జంక్షన్: అయితే 12 గంటలకు పెట్టేస్తే సరి కదా? ఇద్దరికీ న్యాయం.

అలిపిరి_మెట్లు: పీలేరు అన్న చెప్పిన దాంట్లో చాలా బలం ఉంది, ఒప్పుకుంటా. కానీ మిగిలిందంతా తినే జాబ్‌ని 12కి పెడితే, అది కోటా ఖాళీ చేసినప్పటి నుంచి రీసెట్ దాకా యాప్ ఎవరికీ పలకదు. వేసవిలో అది అరగంటే, చలికాలంలో గంటన్నర. పైగా గిట్‌హబ్ షెడ్యూల్ మనం రాసిన నిమిషానికే లేస్తుందన్న హామీ లేదు, రద్దీలో ఆలస్యం అవుతుంది, మరీ రద్దీ అయితే ఆ సారికి వదిలేస్తుంది కూడా, ముఖ్యంగా ప్రతి గంట మొదట్లో. రీసెట్‌కి ముందు పెట్టిన జాబ్ ఆలస్యమై రీసెట్ దాటిందంటే కొత్త రోజు కోటా మొదట్లోనే మింగేస్తుంది, ఆ మర్నాడు టైమ్‌కి లేస్తే ఒకే కోటా రోజులో రెండుసార్లు పడి నవంబర్ 3 కథే మళ్లీ. రీసెట్ తర్వాత పెట్టిన జాబ్‌కి ఆలస్యం వల్ల ఏ నష్టమూ లేదు. అందుకే నేను తర్వాతే అంటాను, కానీ జాబ్‌కి ఒక హద్దు పెట్టి.

గిట్‌హబ్‌లో ఇప్పుడు నీది `10 7 * * *` అయి ఉంటుంది, UTC 7:10. దాన్ని ఇలా మార్చు:

```
- cron: '20 8 * * *'
```

ఇది మనకు 1:50. చలికాలంలో రీసెట్‌కి 20 నిమిషాల తర్వాత, వేసవిలో గంటా 20 నిమిషాల తర్వాత. ఏడాదంతా రీసెట్ తర్వాతే పడుతుంది, మార్చిలో, నవంబర్‌లో ముట్టుకోనక్కర్లేదు. అర్ధరాత్రి "ప్రాంతంలో" అని ఉంది కాబట్టి ఆ 20 నిమిషాలు ఉండాల్సిందే, సెకన్ల లెక్కన దూకొద్దు. సొంత లినక్స్ మెషీన్ ఉంటే systemd టైమర్‌లో అక్కడి టైమ్‌నే రాసుకోవచ్చు, గంట మార్పు అదే చూసుకుంటుంది:

```
OnCalendar=*-*-* 00:20:00 America/Los_Angeles
```

ఇక హద్దు. జాబ్ తాను చదివినవి తానే లెక్కపెట్టుకుని 35,000 దగ్గర ఆగాలి, ఎక్కడ ఆగిందో ఒక డాక్యుమెంట్‌లో రాసుకోవాలి, మర్నాడు అక్కడినుంచి ఎత్తుకోవాలి. జనానికి 15,000 మిగులుతాయి. `RESOURCE_EXHAUSTED` వస్తే మళ్లీ మళ్లీ అడగకుండా గుర్తు పెట్టుకుని బయటికి వచ్చేయాలి, రీసెట్ దాకా అది ఎలాగూ ఇవ్వదు. ఆగిన చోటి నుంచి ఎత్తుకోవడానికి `startAfter` వాడు, `offset` వాడకు. `offset` 35,000 అంటే వదిలేసిన ఆ 35,000 కూడా చదివినట్టే లెక్కేస్తుంది.

టమాటా_బోర్డు: కానీ అక్కా, రెండు రోజులకు ఒకసారి పూర్తయితే సగటు ధర ఒక రోజు పాతదవుతుంది.

అలిపిరి_మెట్లు: రోజుకు కొత్త రికార్డులు ఎన్ని వస్తాయి?

టమాటా_బోర్డు: 40 దాకా.

అలిపిరి_మెట్లు: మూడేళ్ల రికార్డులు రోజూ మొత్తం ఎందుకు చదవాలి తమ్ముడూ? పోయిన ఏడాది ఆగస్టు సగటు ఈరోజు మారదు కదా. నెలవారీ మొత్తం, రికార్డుల సంఖ్య ఒక డాక్యుమెంట్‌లో దాచుకో. ప్రతి రికార్డులో `updatedAt` పెట్టి, గత జాబ్ తర్వాత మారినవి ఉన్న నెలలనే మళ్లీ లెక్కగట్టు. మూడు మార్కెట్లకు కలిపి నెలకు దాదాపు 1,200 రికార్డులు. అవి, కొత్తగా మారినవి కలిపినా 42,000 ఎక్కడ, ఇదెక్కడ. అప్పుడు జాబ్ ఏ వేళకు పెట్టినా ఎవరి నోటిదగ్గరిదీ లాక్కోదు.

రెండు జాగ్రత్తలు. `updatedAt` లేని పాత రికార్డులు ఆ ప్రశ్నకు అసలు దొరకవు, అవి ఎప్పుడైనా దిద్దితే ఆ దిద్దేటప్పుడే ఆ ఫీల్డు రాయాలి. తీసేసిన రికార్డు కూడా కనిపించదు, సగటులో అలాగే ఉండిపోతుంది, కాబట్టి తీసేయకుండా "రద్దు" అని గుర్తు పెట్టాలి.

కాణిపాకం99: డబ్బులు కట్టే ప్లానుకు మారితే ఈ తలనొప్పి ఉండదు కదా? ఉచిత 50,000 దాటిన దానికే కదా కట్టేది.

పీలేరు_బస్టాండు: సార్, జాబ్ ఏదైనా తప్పు వల్ల తిరిగిందే తిరుగుతూ రాత్రంతా చదివితే ఉచిత ప్లాను తలుపు మూసేస్తుంది, డబ్బు ప్లాను బిల్లు వేస్తూనే ఉంటుంది. బడ్జెట్ హెచ్చరిక మెయిల్ పంపుతుందే కానీ ఖర్చు ఆపదు. చిన్న యాప్‌కు ఆ టెన్షన్ వద్దు.

అక్క చెప్పిన కొత్త పద్ధతి నాకు నచ్చింది, రీడ్లు తగ్గించడమే సరైన దారి. కానీ వేళ విషయంలో మాత్రం నేను మారలేదు. ఎప్పుడో ఒకసారి మొత్తం బ్యాకప్ తీయాల్సి వస్తుంది, అప్పుడు 42,000 చదవక తప్పదు. ఆ రోజు రీసెట్ తర్వాత తీస్తే మర్నాడు తెల్లారి రైతుకు 8,000లో మిగిలిందే. ఆ పని పొద్దున మార్కెట్ అయ్యాక, 11 గంటల ప్రాంతంలో, మనిషి దగ్గర కూర్చుని చేయాలి.

అలిపిరి_మెట్లు: చేత్తో చేసే పనైతే 11కి నాకు అభ్యంతరం లేదు అన్నా, ఆలస్యమై రీసెట్ దాటుతుందన్న భయం ఉండదు. షెడ్యూల్‌లో వదిలేసే పనైతే మాత్రం ఒప్పుకోను. బ్యాకప్‌ని కూడా మార్కెట్‌కి ఒక రోజు చొప్పున మూడు రోజులకు పంచితే రోజుకు 14,000 దాకానే కదా.

పీలేరు_బస్టాండు: మూడు రోజులకు పంచితే మధ్యలో దిద్దిన రికార్డులు బ్యాకప్‌లో ఒకటి పాతది, ఒకటి కొత్తది అవుతాయి. రైతు డబ్బు లెక్కకు అది నాకు నచ్చదు.

టమాటా_బోర్డు: ఈ సాయంత్రం `20 8`కి మార్చి, 35,000 హద్దు పెడుతున్నా. `updatedAt` పద్ధతి ఈ వారంలో రాస్తా. ఫైర్‌బేస్ కన్సోల్‌లో నేను రికార్డులు తెరిచి చూసుకుంటే అవి కూడా కోటాలో పడతాయా అక్కా?

అలిపిరి_మెట్లు: పడతాయి. పొద్దున వేళ కన్సోల్‌లో డేటా పేజీ తెరిచి వదిలేయకు.