SPX ఆప్షన్లా, SPY ఆప్షన్లా? స్ప్రెడ్లు అమ్మేవాళ్లకు ఏది మేలు?

బోస్టన్ చిన్నోడు: ఏడాదిగా వారం వారం S&P 500 షేర్లున్న SPY ఫండు మీద కాల్ స్ప్రెడ్లు, పుట్ స్ప్రెడ్లు అమ్ముతున్నాను. SPY వదిలేసి, నేరుగా ఆ ఇండెక్స్ మీదే ఉండే SPXకి మారిపొమ్మని, టాక్స్ సగానికి సగం తగ్గుతుందని ఆఫీసులో స్నేహితుడు పోరు పెడుతున్నాడు. రెండూ ఒకే 500 కంపెనీలు కదా, అంత తేడా ఏముంటుంది? డివిడెండ్ రోజు జాగ్రత్త అని కూడా అన్నాడు. అది అర్థం కాలేదు. నాది మామూలు బ్రోకరేజ్ అకౌంటే, 24 శాతం బ్రాకెట్.

ఫ్రిస్కో శీను: ఇందులో చర్చ ఏముంది తమ్ముడూ, SPXకి మారిపో. దానికి డివిడెండే లేదు. యూరోపియన్ స్టైల్ కాబట్టి గడువు దాకా ఎవడూ ఎక్సర్‌సైజ్ చేయలేడు. షేర్లు చేతులు మారవు, లెక్క తేలిన డబ్బు అకౌంట్లో పడుతుంది లేదా పోతుంది, అంతే. SPYలో అయితే డివిడెండ్ ముందు రాత్రి కాల్ అసైన్ అయిందంటే, అంటే కొన్నవాడు ఎక్సర్‌సైజ్ చేసి షేర్లు నువ్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, ఆ డివిడెండ్ నీ జేబులోంచి అదనంగా కట్టాలి. పైగా SPXలో లాభం 60 శాతం లాంగ్ టర్మ్, 40 శాతం షార్ట్ టర్మ్. పది నిమిషాలు ఉంచుకుని అమ్మినా అంతే. SPY ఆప్షన్లు ఆడేవాళ్లు గవర్నమెంటుకు చందా ఇస్తున్నట్టే.

అమీర్‌పేట కుర్రాడు: నిఫ్టీ ఆప్షన్లు కూడా యూరోపియన్, క్యాష్ సెటిల్‌మెంటే కదా అన్నా. మరి నాకు 60/40 ఎందుకు రావట్లేదు? మా ఆడిటర్ మొత్తం బిజినెస్ ఇన్‌కమ్ కిందే చూపించాడు.

వేగావతి: కుర్రాడు గారూ, 60/40 అమెరికా టాక్స్ చట్టంలోని 1256 సెక్షన్‌ది. మీ ఆడిటర్ చేసింది సరైనదే, ఇండియాలో ఎఫ్ అండ్ ఓ లాభం బిజినెస్ ఆదాయమే. ఈ చర్చ మీకు వర్తించదు.

శీను గారూ, మీరు చెప్పిన దిశ సరిగ్గానే ఉంది, వివరాల్లో రెండు చోట్ల తేడా కొట్టింది. ముందు డివిడెండ్ సంగతి. SPXకి డివిడెండ్ లేదనడం పూర్తి నిజం కాదు. అందులోని కంపెనీలు ఒక్కొక్కటి తన ఎక్స్ డేట్ రోజున, అంటే కొత్తగా కొన్నవాడికి ఆ డివిడెండ్ రాని మొదటి రోజున, డివిడెండ్ మేరకు తగ్గుతుంది, ఆ మేరకు ఇండెక్స్ కూడా రోజూ కొంచెం కొంచెం తగ్గుతూనే ఉంటుంది. ముందే తెలిసిన తగ్గుదల కాబట్టి ఆప్షన్ ధరలో అది మొదటి నుంచే కలిసి ఉంటుంది. SPY అలా కాదు. ఆ డివిడెండ్లన్నీ ఫండులో పోగై, మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో మూడో శుక్రవారం ఒక్కసారిగా ధరలోంచి దిగిపోతాయి. అదే రోజు నెలవారీ ఆప్షన్ల గడువు కూడా. గొడవంతా అక్కడే.

లెక్క చూద్దాం, అంకెలు ఉదాహరణకే. ఆ గురువారం SPY 600 దగ్గర ముగిసింది, డివిడెండ్ 1.75. చిన్నోడు గారు మర్నాటి గడువు కాల్ స్ప్రెడ్ అమ్మి ఉన్నారు, 590 కాల్ అమ్మి షార్ట్, 595 కాల్ కొని లాంగ్. అదే 590 పుట్ 0.15కి దొరుకుతోంది. 590 కాల్ ఉన్నవాడు ఆగితే మిగిలేది ఆ 0.15 విలువే, ఈ రాత్రి ఎక్సర్‌సైజ్ చేస్తే దక్కేది 1.75 డివిడెండ్. వాడు ఆగడు. అదే స్ట్రైక్ పుట్ ధర డివిడెండ్ కన్నా తక్కువగా ఉందంటే మీ షార్ట్ కాల్ అసైన్ అవుతుందనే అనుకోవాలి.

శుక్రవారం పొద్దున మీరు 590కి షేర్లు షార్ట్. SPY 598.25 దగ్గర తెరుచుకుంటుంది. కొని కవర్ చేస్తే 8.25 నష్టం, డివిడెండ్ 1.75, మొత్తం 10. గురువారం సాయంత్రం ఆ కాల్ విలువా 10 డాలర్లే. అంటే షార్ట్ వైపు మీకు అదనంగా పోయిందేమీ లేదు, ధర తగ్గింది కాబట్టి డివిడెండ్ అక్కడికక్కడ సరిపోయింది. దెబ్బ తగిలేది లాంగ్ కాల్‌కి. గురువారం 5 డాలర్ల విలువున్న 595 కాల్ ఇప్పుడు 3.25 ప్లస్ మిగిలిన 0.90, అంటే 4.15. మొత్తం మీద షేరుకు 5.85 పోయింది. గరిష్ఠ నష్టం 5 అనుకున్న స్ప్రెడ్ అది! (మొదట వచ్చిన ప్రీమియం రెండు లెక్కల్లోనూ కలపలేదు.) శుక్రవారం ముగింపు దాకా మొండిగా ఉంచుకుంటే, 595 పైన ఎక్కడ ముగిసినా నష్టం 6.75. పది కాంట్రాక్టులుంటే అదనపు నష్టం 1,750 డాలర్లు. ఇది కాక 1,000 షేర్ల షార్ట్, అంటే దాదాపు 6 లక్షల డాలర్ల పొజిషన్, రాత్రికి రాత్రి అకౌంట్లో ప్రత్యక్షమవుతుంది. బ్రోకర్ నుంచి మార్జిన్ మెసేజ్ వస్తే ఆశ్చర్యపోకూడదు.

గురువారమే స్ప్రెడ్ మూసేస్తే 5 దగ్గరే ఆగిపోతుంది. 595 కాల్‌ని మీరూ ఆ సాయంత్రమే ఎక్సర్‌సైజ్ చేసినా అంతే, కానీ దానికి డబ్బు కావాలి. షార్ట్ అసైన్ కాకపోతే లాభపడతారు, అలా మిగిలిపోయేవీ ఉంటాయి. దాని మీద ఆశ పెట్టుకోవడం నాకు నచ్చదు.

ఫ్రిస్కో శీను: సరే మేడం, లాంగ్ లెగ్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఇదంతా SPXలో లేదు కదా? రెండో తేడా ఏంటి మరి?

వేగావతి: లేదు, ఒప్పుకుంటాను. కానీ మూడో శుక్రవారం గడువు SPX ఆప్షన్లు రెండు రకాలు. స్క్రీన్ మీద SPX అని ఉన్నది ఉదయం సెటిల్ అవుతుంది. ట్రేడింగ్ గురువారంతో సరి, సెటిల్‌మెంట్ ధర శుక్రవారం ఒక్కో షేరు తెరుచుకున్న ధర నుంచి కడతారు, SET అనే సింబల్ కింద వస్తుంది. తెల్లవారుజామున ఏదైనా వార్త వస్తే చేయగలిగింది ఏమీ లేదు. SPXW అని ఉన్నది శుక్రవారం సాయంత్రం ముగింపు ధరకే. వారం వారం ఆడేవాళ్లకు కావాల్సింది రెండోదే. ఆర్డర్ పెట్టే ముందు ఆ ఒక్క W చూసుకోండి.

సునీత బేఏరియా: నాది వేరే కథ. 2018లో 270 దగ్గర కొన్న SPY షేర్ల మీద కవర్డ్ కాల్స్ రాస్తుంటాను. ఒక జూన్‌లో డివిడెండ్ ముందు రాత్రి అసైన్ అయి షేర్లు వెళ్లిపోయాయి. కాల్ మీద వచ్చింది 180 డాలర్లు, ఏళ్ల తరబడి పెరిగిన లాభం మొత్తానికి ఆ ఏడాదే టాక్స్. మా బ్రోకర్‌కి ఫోన్ చేస్తే "మీరే రాశారు కదండీ" అన్నాడు. ఆ లెక్కన నాలాంటివాళ్లకి SPX కాల్స్ రాయడమే మంచిదా? ఇంకో మాట, కాలిఫోర్నియాలో స్టేట్ టాక్స్‌కి లాంగ్ టర్మ్ అని రాయితీ ఏమీ లేదు. మాకు 60/40 ఫెడరల్ వరకే.

వేగావతి: సునీత గారూ, SPX కాల్ రాస్తే షేర్లు పోవు, నిజమే. కానీ చాలా బ్రోకర్ల దగ్గర మీ SPY షేర్లు ఆ కాల్‌కి కవర్ కింద లెక్కకు రావు. చేతిలో షేర్లు లేకుండా రాసే నేకెడ్ కాల్‌కి అడిగినంత మార్జిన్ అడుగుతారు. మార్కెట్ పెరిగితే కాల్ నష్టం నగదుగా కట్టాలి, షేర్ల లాభం కాగితం మీదే ఉంటుంది. ఒకదానికొకటి ఎదురుగా ఉండే పొజిషన్లకు వర్తించే స్ట్రాడిల్ టాక్స్ రూల్స్ కూడా అడ్డం రావచ్చు, సీపీఏని అడగకుండా మొదలుపెట్టకండి. SPY కాల్సే రాస్తే మాత్రం ఆ నాలుగు గురువారాలు గుర్తుంచుకుని, పుట్ ధర చూసి, ముందే తిరిగి కొనేయండి.

పాతకాపు: అందరూ స్ప్రెడ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను రెండేళ్ల గడువు కాల్స్ కొని కూర్చుంటాను. నాకు SPYనే మేలు. ఏడాది దాటాక అమ్మితే మొత్తం లాంగ్ టర్మ్, 15 శాతం. SPXలో 24 బ్రాకెట్ వాడికి 18.6 పడుతుంది. అంతకన్నా బాధ ఏమిటంటే డిసెంబర్ 31న అమ్మకపోయినా అమ్మినట్టే లెక్క. చేతికి రాని లాభానికి ఏప్రిల్‌లో టాక్స్ కట్టాలి. ఇక రోత్ ఐఆర్ఏలో ఆడేవాళ్లకి ఈ టాక్స్ గొడవే లేదు, వాళ్లు సెటిల్‌మెంట్ ఒక్కటే చూసుకుంటే చాలు.

ఫ్రిస్కో శీను: కొని కూర్చునేవాళ్ల సంగతి వేరు పాతకాపు గారూ. అడిగిన తమ్ముడు అమ్మేవాడు. ఆప్షన్ అమ్మి వచ్చిన లాభం SPYలో ఎన్నాళ్లున్నా షార్ట్ టర్మే. ఏడాదికి 10,000 లాభం అనుకుందాం. SPYలో 2,400 కట్టాలి. SPXలో 6,000 మీద 15 శాతం 900, 4,000 మీద 24 శాతం 960, మొత్తం 1,860. తేడా 540.

పాతకాపు: అంటే సగానికి సగం కాదన్నమాట! చిన్నోడి స్నేహితుడు 540ని 1,200 చేశాడు. పైగా SPXలో ఒక్క కాంట్రాక్టు పది SPYలంత. చిన్న అకౌంట్ వాడు 5 డాలర్ల స్ప్రెడ్ బదులు 50 పాయింట్ల స్ప్రెడ్ అమ్మాలి. 540 కోసం 5,000 రిస్క్ నెత్తిన పెట్టుకోవడం ఏం తెలివి?

వేగావతి: SPXలోనూ 5 పాయింట్ల స్ప్రెడ్ ఉంటుందండీ, కాకపోతే ఇండెక్స్ 6,000 ఉన్నప్పుడు అది మరీ ఇరుకు. సైజే ఇబ్బందైతే XSP చూడొచ్చు. ఇండెక్స్‌లో పదో వంతు, యూరోపియన్, క్యాష్, 60/40 అన్నీ వస్తాయి. లోపమల్లా బిడ్, ఆస్క్ మధ్య ఖాళీ. SPYలో ఒకటి రెండు సెంట్లుండే చోట XSPలో చాలా ఎక్కువ కనిపించవచ్చు. స్ప్రెడ్ తెరవడానికి, మూయడానికి కలిపి కాంట్రాక్టుకు 5 సెంట్లు ఎక్కువ పోయినా, ఏడాదికి 200 కాంట్రాక్టులు ఆడేవాడికి 1,000 డాలర్లు హరీ. అక్కడ 540 ఎటుపోయిందో కనపడదు. నెలకు నాలుగైదు కాంట్రాక్టులే ఆడితే టాక్స్ ఆదానే గెలవచ్చు. చిన్నోడు గారు తన పాత ఆర్డర్లలో బిడ్, ఆస్క్‌ల నడిమి మిడ్ ధరకూ తనకు దొరికిన ధరకూ తేడా తీసి చూసుకోవాలి, ఆ లెక్క మనం చెప్పలేం.

సునీత బేఏరియా: మా సీపీఏ అయితే SPY కూడా ఇండెక్స్ లాంటిదే కాబట్టి ఆ ఆప్షన్లని కూడా 1256 కింద వేయొచ్చు అన్నాడు. అలా అయితే ఈ తంటా అంతా ఎందుకు?

వేగావతి: ఆ వాదన చేసేవాళ్లు ఉన్నారు. కానీ బ్రోకర్ ఇచ్చే 1099-బిలో SPY ఆప్షన్లు మామూలు ఆప్షన్లలాగే ఒక్కొక్క ట్రేడ్‌గా వస్తాయి. SPX వాటికి ఒకే మొత్తం అంకె వస్తుంది, అది ఫారం 6781లోకి వెళ్తుంది. మీరు ఆ ఫారం‌లో SPYని వేస్తే బ్రోకర్ కాగితానికీ మీ రిటర్న్‌కీ పొంతన ఉండదు. నేనైతే వేయను.

ఫ్రిస్కో శీను: మా సీపీఏ రెండేళ్లుగా వేస్తున్నాడు, ఇంతవరకు లెటర్ రాలేదు.

వేగావతి: లెటర్ రాకపోవడం ఆమోదం కాదు శీను గారూ.

బోస్టన్ చిన్నోడు: అందరికీ థాంక్స్. నా స్ప్రెడ్లు చిన్నవే, వారానికి రెండో మూడో. ఈసారి డివిడెండ్ వారంలో SPY ముట్టుకోను, XSPలో ఒకటి రెండు పెట్టి ఫిల్ ఎలా ఉంటుందో చూస్తాను. ఒక డౌట్. SPY శుక్రవారం 599.90 దగ్గర ముగిసి, నా షార్ట్ 600 కాల్ గాలిలో కలిసిపోయిందనుకుంటే, ఇక టెన్షన్ లేనట్టేనా?

పాతకాపు: లేదు నాయనా. కాల్ ఉన్నవాడికి ఈస్టర్న్ టైమ్ 5:30 దాకా ఎక్సర్‌సైజ్ చెప్పే అవకాశం ఉంటుంది, కొందరు బ్రోకర్లు ఇంకా ముందే ఆపేస్తారు. మార్కెట్ మూశాక SPY 601కి వెళ్తే కొందరు తీసుకుంటారు. నీకు సోమవారం దాకా షార్ట్ షేర్లు. 600 దగ్గర ఊగిసలాడుతుంటే రెండు మూడు సెంట్లు పోయినా కొని మూసేయ్.