నైన్ బాక్స్ గ్రిడ్‌లో అందరూ కర్ణం మీదే పడుతున్నారు: ఇది నా పక్షపాతమా?

శ్రీలత:
అందరికీ నమస్కారం. నా బృందంలో 14 మంది ఉన్నారు. మేనేజర్లందరూ కలిసి తమ అంచనాలను సరిపోల్చుకునే కాలిబ్రేషన్ సమావేశం వచ్చే వారం ఉన్నందున వారందరినీ నైన్ బాక్స్ గ్రిడ్‌లో, అంటే తొమ్మిది గడుల పట్టికలో పెట్టాను. అడ్డు వరుసలో పనితీరు, నిలువు వరుసలో పొటెన్షియల్, అంటే ముందు ముందు పెద్ద బాధ్యతలు చేపట్టగల సామర్థ్యం తీసుకున్నాను. పూర్తి చేసి చూసుకుంటే రెండు విషయాలు నన్ను కలవరపెట్టాయి. మొదటిది, 14 మందిలో 11 మంది కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు వెళ్లే కర్ణం మీదే ఉన్నారు. రెండవది, పై కుడి గడిలో ఉన్న ముగ్గురూ నాతో పాటు ఆఫీసులో కూర్చునేవారే తప్ప, దూరం నుంచి పనిచేసే ఐదుగురిలో ఒక్కరు కూడా అక్కడ లేరు. వాస్తవమే అలా ఉందో, నాకు అలా కనబడుతోందో తేల్చుకునే మార్గం ఏమిటి? సమావేశానికి ముందే సరిచూసుకోవాలని నా కోరిక.

ఇమ్రాన్:
శ్రీలత గారూ, మనసులోని అభిప్రాయం మీద ఆధారపడినంత కాలం ఈ చిక్కు తప్పదు. పనితీరుకు ఐదు అంశాలు, పొటెన్షియల్‌కు ఐదు అంశాలు తీసుకొని ఒక్కొక్క దానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేయండి. సగటును బట్టి గడిని స్ప్రెడ్‌షీటే నిర్ణయిస్తుంది. మార్కులు వేసేటప్పుడు పేర్లు దాచిపెడితే పక్షపాతానికి చోటే ఉండదు.

మాధవరావు:
ఇమ్రాన్ గారు చెప్పినదాంట్లో అంశాలను విడదీయడం మంచి సలహాయే. అయితే మార్కు వేసే కన్ను మారలేదు కదా. ఒకరి మీద మొత్తంగా మంచి అభిప్రాయం ఉన్న మేనేజరు పది అంశాలకూ 4 వేస్తారు, సగటు కూడా 4 వస్తుంది. అప్పటిదాకా అభిప్రాయంగా ఉన్నది దశాంశ స్థానాలతో సహా లెక్కగా కనబడుతుంది, దాన్ని సమావేశంలో ప్రశ్నించడం మరింత కష్టమవుతుంది. ఇక 14 మంది బృందంలో పేరు దాచినా పని చదవగానే మనిషి ఎవరో తెలిసిపోతుంది. దాచవలసింది మరొకటి ఉంది. పోయిన సంవత్సరం వారు ఏ గడిలో ఉన్నారో ఈసారి రాయడం పూర్తయ్యేదాకా చూడకండి. చూస్తే చేయి అక్కడికే వెళుతుంది.

శ్రీలత గారి ప్రశ్నకు వస్తాను. అంతమంది కర్ణం మీద పడ్డారంటే, సాధారణంగా రెండు ప్రశ్నలకు ఒకే అభిప్రాయంతో జవాబు చెప్పినట్టు అర్థం. పనితీరు జరిగిపోయిన దాని గురించిన ప్రశ్న, అందుకు లక్ష్యాలు, ఫలితాలు మన చేతిలో ఉంటాయి. పొటెన్షియల్ జరగబోయే దాని గురించిన ప్రశ్న. దానికి ఆధారం దొరకనప్పుడు పనితీరునే మరోసారి రాసేస్తాం, లేదా మనలా మాట్లాడేవారిని, రోజూ కంటికి కనబడేవారిని పైకి జరుపుతాం. నా దృష్టిలో ఈ గ్రిడ్‌లోని అసలు బలహీనత అదే. ఈ మూడు అడ్డు, మూడు నిలువు పట్టిక రూపం 1970ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ మెకిన్జీ సలహాతో తన వ్యాపార విభాగాలను బేరీజు వేసుకోవడానికి వాడిన పట్టికను పోలినది. వ్యాపార విభాగం విషయంలో మార్కెట్ ఎంత ఆకర్షణీయంగా ఉందో బయటి లెక్కలు చూసి చెప్పవచ్చు. మనిషి రేపు ఏం చేయగలరో చెప్పడానికి అలాంటి బయటి లెక్క ఏదీ లేదు.

అందుకే పొటెన్షియల్ అన్న మాటను ఒంటరిగా వదలకండి. ఏ పనికి పొటెన్షియల్ అన్నది ముందు రాయండి. మీ బృందంలో తర్వాతి మెట్టు టీమ్ లీడ్ అనుకుంటే, ఆ పనిలో కొత్తగా వచ్చి చేరే బాధ్యతలు మూడో నాలుగో మాత్రమే ఉంటాయి: ఇతరులకు పని పంచడం, రెండు అత్యవసరాల్లో ఏది ముందో తేల్చడం, కొత్తవారిని తయారు చేయడం, విభేదం వచ్చినప్పుడు పరిష్కరించడం. ఒక్కొక్కరి విషయంలో గత 12 నెలల్లో వీటికి సంబంధించి మీరు చూసిన సంఘటన ఏదో, ఏ నెలలోదో రాయండి. పనితీరు గడులన్నీ ఒక రోజు పూర్తి చేసి, పొటెన్షియల్ మరొక రోజున, పేర్ల వరుస మార్చి రాయండి.

సంఘటన ఏదీ గుర్తుకు రాకపోతే రెండు రకాలుగా విడదీయండి. అవకాశం వచ్చినా చేయలేదా, లేక అవకాశమే రాలేదా? ఈ రెండూ మధ్య గడిలో కలిసిపోతున్నాయి, దూరం నుంచి పనిచేసేవారు ఎక్కువగా చిక్కుకునేది కూడా అక్కడే.

పద్మజ:
నా సంగతి కూడా ఇదే. పోయిన సంవత్సరం నన్ను మధ్య గడిలో పెట్టారు, జీతం పెంపు తక్కువ వచ్చింది. మా లీడ్ సెలవులో ఉన్న మూడు నెలలూ ఆయన పని నేనే చూశాను. మధ్య గడిలో ఉన్నవారికి పెంపు ఎంత ఇవ్వాలన్న నియమం ఏమైనా ఉందా?

మాధవరావు:
పద్మజ గారూ, అలాంటి సాధారణ నియమమేదీ లేదు. అది మీ సంస్థ నిర్ణయం. పెంపును పనితీరుతో మాత్రమే ముడిపెట్టడం మేలని నా అభిప్రాయం. గడిని బట్టి డబ్బు మారుతుందంటే తమవారికి పెంపు ఇప్పించాలనుకునే మేనేజరు వారిని పొటెన్షియల్ వరుసలో కూడా పైకి తోస్తారు, అక్కడితో పట్టిక పనికిరాకుండా పోతుంది. మీరు లీడ్ పని చూసిన ఆ మూడు నెలలు మాత్రం ఈ చర్చకు నేరుగా సంబంధించినవే. తర్వాతి మెట్టు పనిని నిజంగా చేసి చూపించారు కాబట్టి పొటెన్షియల్‌కు అంతకంటే మంచి ఆధారం దొరకడం కష్టం. అది మీ మేనేజరు కాగితం మీద ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఈ సందర్భంలో ఒక పరిశోధన గురించి చెప్పాలి. అలాన్ బెన్సన్, డానియెల్ లీ, కెలీ షూ కలిసి ఉత్తర అమెరికాలోని ఒక పెద్ద రిటైల్ సంస్థలో సుమారు 30,000 మంది ఉద్యోగుల నైన్ బాక్స్ రేటింగులను పరిశీలించారు. సగటున మహిళలకు పనితీరు రేటింగు పురుషుల కంటే ఎక్కువగానే ఉంది, పొటెన్షియల్ రేటింగు మాత్రం తక్కువగా ఉంది. తర్వాతి కాలంలో చూస్తే, అదే పొటెన్షియల్ రేటింగు పొందిన పురుషుల కంటే మహిళలే బాగా పనిచేశారు. అయినా ఆ తర్వాత వేసిన పొటెన్షియల్ రేటింగు తక్కువగానే ఉండిపోయింది. అంటే అంచనా తప్పని తేలినా అది తనంతట తాను సరికాలేదు.

శ్రీలత:
మీరు చెప్పినట్టు రాసి చూశాను. ఇద్దరి గురించి అడుగుతాను, ‘క’, ‘చ’ అందాం. ఇద్దరి పనితీరూ ఎక్కువే. ‘క’ను పొటెన్షియల్‌లో పై వరుసలో పెట్టి, “చొరవ ఉంది, సమావేశాల్లో బాగా మాట్లాడతారు” అని రాశాను. దూరం నుంచి పనిచేసే ‘చ’ను మధ్య వరుసలో పెట్టి, “ముందుకు రారు” అని రాశాను. సంఘటనలు వెతికితే ‘క’ జనవరిలో, మే నెలలో రెండు ప్రదర్శనలు ఇచ్చారు, రెండింటిలోనూ పని ఎక్కువగా ఇతరులది. కొత్తవారికి శిక్షణ ఇవ్వమని అడిగితే ఒకసారి ఒప్పుకోలేదు. ‘చ’ మాత్రం ఎవరూ అడగకుండానే రాత్రిపూట సిస్టమ్ ఆగిపోతే ఏం చేయాలో ఒక విధానం రాశారు, దాన్ని మరో రెండు బృందాలు వాడుతున్నాయి. ఇద్దరు కొత్తవారిని తయారు చేశారు. విభేదాలు పరిష్కరించే సందర్భం ‘చ’కు రాలేదు, సమావేశం నడపమని నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఇద్దరి గడులూ తారుమారు చేయాలా?

మాధవరావు:
తారుమారు చేస్తే ఒక అభిప్రాయం స్థానంలో మరొకటి వస్తుంది, అంతే. ఒక్కొక్కరినీ విడిగా చూద్దాం. ‘చ’ విషయంలో కొత్తవారిని తయారు చేయడానికి గట్టి ఆధారం ఉంది. విధానం రాయడాన్ని పని పంచడంగా లెక్కించలేం కానీ, తన పరిధి దాటి ఆలోచించారని అది చెబుతోంది. విభేదాల దగ్గర “అవకాశం రాలేదు” అని రాయండి. “ముందుకు రారు” అన్న వాక్యం కొట్టివేయాలి, ఎందుకంటే మీరు రాసిన సంఘటనలే దానికి విరుద్ధంగా ఉన్నాయి. నేనైతే ‘చ’ను పై వరుసకు ప్రతిపాదించి, తెలియని అంశాన్ని పక్కనే రాసి సమావేశానికి తీసుకువెళతాను.

‘క’ విషయంలో బాగా మాట్లాడటం ఒక నైపుణ్యమే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే మీరు రాసుకున్న బాధ్యతల్లో దేనికీ అది జవాబు కాదు. శిక్షణకు ఎందుకు ఒప్పుకోలేదో కనుక్కోండి, ఆ వారం పని భారం ఎక్కువై ఉండవచ్చు. అప్పటిదాకా మధ్య వరుసే న్యాయం. ఏ వాక్యం మీద అనుమానం వచ్చినా ఒక పరీక్ష చేయండి: ఇదే వాక్యం రెండవ వ్యక్తి గురించి రాసి ఉంటే గడి మారుతుందా? మారకపోతే ఆ వాక్యం ఆధారం కాదు, గడి ముందే నిర్ణయమైపోయింది.

మీ మొదటి అనుమానం గురించి కూడా ఒక మాట. తొమ్మిది మంది ఆఫీసువారు, ఐదుగురు దూరంవారు ఉన్నప్పుడు చీటీ వేసి ముగ్గురిని తీసినా, ముగ్గురూ ఆఫీసువారే అయ్యే అవకాశం వందకు సుమారు 23. కాబట్టి ఆ ముగ్గురిని చూసి మాత్రమే పక్షపాతం రుజువైందనలేం. విభాగంలోని బృందాలన్నీ కలిపి అదే లెక్క వేస్తే కొంత స్పష్టత వస్తుంది, ఆ లెక్క హెచ్‌ఆర్ వారిని అడగండి. మీ బృందంలో మాత్రం సంఖ్య కంటే ‘క’, ‘చ’ల పక్కన మీరు రాసిన వాక్యాలే ఎక్కువ చెబుతున్నాయి.

ఇమ్రాన్:
మార్కుల సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఇంత శ్రద్ధగా రాసుకెళ్లినా సమావేశంలో పెద్దాయన ఒక్క మాట అంటే అందరూ అటే మొగ్గుతారు. అందుకే పై గడిలో పది శాతానికి మించి ఉండకూడదన్న పరిమితి అవసరమని ఇప్పటికీ నా అభిప్రాయం.

మాధవరావు:
14 మందిలో పది శాతమంటే ఒక్కరు. ఇద్దరికి సమానమైన ఆధారం ఉంటే ఏం చేస్తారు? పరిమితి పెట్టినప్పుడు వెనక్కి జరిగేది సాధారణంగా తమ తరఫున గట్టిగా మాట్లాడేవారు లేని మనిషే. పెద్దాయన విషయంలో మీరు చెప్పింది నిజం. అందుకు నేను అనుసరించే క్రమం ఇది: అందరి రాతలూ ముందు రోజే అందరికీ అందాలి, ఆ మనిషితో పనిచేసిన ఇతర బృందాల మేనేజర్లు ముందు మాట్లాడాలి, సొంత మేనేజరు తర్వాత, పై అధికారి చివర. సంఘటన చెప్పకుండా ఎవరైనా గడి మార్చమంటే సమావేశం నడిపేవారు “ఎప్పుడు, ఏం జరిగింది?” అని అడగాలి. మొదటి ముగ్గురికి గంట తీసుకొని చివరి పదిమందిని అరగంటలో ముగించడం కూడా నేను తరచు చూసే లోపమే. సందిగ్ధంలో ఉన్నవారితో మొదలుపెడితే అది కొంత తగ్గుతుంది.

పద్మజ:
ఏ గడిలో ఉన్నారో ఉద్యోగికి చెప్పాలని నేనంటాను. నాకు ముందే తెలిసి ఉంటే ఆ మూడు నెలల పని నేనే గుర్తు చేసేదాన్ని.

మాధవరావు:
గడి పేరు చెబితే అదే ముద్రగా మిగిలిపోతుందని నా భయం. మేనేజరు రాసుకున్న సంఘటనలు, రాబోయే అవకాశం ఏమిటో చెబితే చాలుననుకుంటాను.

ఇమ్రాన్:
ఈ విషయంలో నేను పద్మజ గారి వైపే. దాచిన గడులు ఎలాగూ బయటికి వస్తాయి, అదీ తప్పుగా వస్తాయి.

శ్రీలత:
నా పట్టికలో నలుగురి పేర్ల పక్కన “అవకాశం రాలేదు” అని తేలింది, వారిలో ముగ్గురు దూరం నుంచి పనిచేసేవారే. సమావేశానికి నేను వారి నిలువు గడిని ఖాళీగా తీసుకువెళ్లాలనుకుంటున్నాను, కానీ మా సాఫ్ట్‌వేర్ ఖాళీ గడిని ఒప్పుకోదు.

మాధవరావు:
అలాంటప్పుడు మధ్యలో పెట్టి, వ్యాఖ్యలో “ఆధారం లేదు” అని, ఏ పని ఎప్పటిలోగా అప్పగించి చూస్తారో తేదీతో సహా రాయండి. ఆ వ్యాఖ్య తర్వాతి సంవత్సరం ఎవరైనా తెరిచి చూస్తారన్న భరోసా సాఫ్ట్‌వేర్ ఇవ్వదు. కాబట్టి మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి.