సీసీలో 19 మంది: మెయిల్ ఒకటే పంపాలా, రెండుగా విడగొట్టాలా?

రాయగడలో గోడౌన్ పని నాది. లారీ లోడింగ్ ఉదయం 8 నుంచి 6 గంటలకి మారుతోందని రేపు మెయిల్ పెట్టాలి. డ్రాఫ్ట్‌లో To దగ్గర స్టోర్స్, ట్రాన్స్‌పోర్ట్, క్వాలిటీ వాళ్లు ముగ్గురు, సీసీలో 19 మంది.

పోయిన నెల ఇలాగే పంపితే ఒక్క పూటలో 14 రిప్లై ఆల్‌లు, అన్నీ "నోటెడ్ సార్"లే. లారీ నంబరు అడిగిన ఒక్క మెయిలూ వాటి కింద పడిపోయింది. "రిప్లై ఆల్ వద్దు" అని మొదటి లైన్లోనే రాసినా ఎవరూ చూడలేదు. తర్వాతిసారి ఆ 19 మందినీ బీసీసీలోకి మార్చాను. అందులో అకౌంట్సాయన రిప్లై ఆల్ కొట్టేసరికి గుట్టు ముగ్గురికీ తెలిసిపోయింది. చాటుగా ఎందుకు పెట్టావని నాకే అక్షింతలు!

ఈసారి ముగ్గురికి విడిగా ఒక మెయిల్. మిగతావాళ్లకి To లో నా అడ్రసే పెట్టి, అందరినీ బీసీసీలో వేసి, ఆ మాట మొదటి లైన్లోనే చెప్పి ఇంకొకటి. వాళ్లు రిప్లై ఆల్ కొట్టినా నాకే వస్తుంది.

ఇలా విడగొట్టి నడిపినవాళ్లు చెప్పండి: ముగ్గురి మధ్య టైము మళ్లీ మారితే రెండో గుంపుకి వెంటనే పంపుతున్నారా, ఖరారయ్యాక ఒక్కసారేనా?