చైతన్య స్రవంతి: "కథనం నెమ్మదిస్తుంది" అని రాస్తే సరిపోదట. ఇంకేం రాయాలి?

సాహితి_ఎంఏ:
'టు ది లైట్‌హౌస్' (1927) మీద అసైన్‌మెంట్. "వర్జీనియా వుల్ఫ్ చైతన్య స్రవంతి వాడటం వల్ల కథనం నెమ్మదిస్తుంది" అని రాశాను. మా మేడమ్ ఆ వాక్యం పక్కన "ఎక్కడ? ఎంత? అయితే ఏమిటి?" అని పెన్సిల్‌తో రాసి తిప్పి ఇచ్చారు. మేజోడు కొలిచే ఘట్టం ఒక్కటే తీసుకుని మళ్లీ రాయమన్నారు. ఎలా మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:
మీరు రాసింది తప్పేం కాదే. చైతన్య స్రవంతి అంటే పాత్ర ఆలోచనల్ని వచ్చినవి వచ్చినట్టు రాయడమే కదా. పాత్ర ఆలోచనలోకి వెళ్తే బయట గడియారం ఆగిపోతుంది, అంతే. ఆ నవల మొదటి భాగం చూడండి, సగం పుస్తకం పైనే ఉంటుంది, జరిగేది ఒక్క సాయంత్రం.

వరంగల్_పాఠకుడు:
నెమ్మది అంటే గుర్తొచ్చింది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నవీన్ గారి 'అంపశయ్య' (1969) మొదలుపెట్టాను. ఉస్మానియాలో చదివే రవి అనే కుర్రాడి ఒక్క రోజు. యాభై పేజీలు చదివినా వాడికి పూట గడవలేదు! విసుగొచ్చి మూసేశాను. రెండేళ్ల తర్వాత పరీక్ష ఫీజు కట్టడానికి డబ్బుల్లేని రోజొకటి వచ్చింది, అప్పుడు రాత్రికి రాత్రే అయిపోయింది. అదే పుస్తకం మరి. మీరు నవల రాస్తున్నారా? రాస్తే మొదటి పేజీల్లో పాఠకుణ్ణి ఇబ్బంది పెట్టకండి.

సాహితి_ఎంఏ:
నవల కాదండీ, నవల మీద వ్యాసం :)

పాత_మాస్టారు:
అమ్మా, ముందు పెన్సిల్ తీసుకుని ఆ ఘట్టంలో బయట జరిగే పనుల కింద మాత్రమే గీతలు గీయి. మిసెస్ రామ్సే కొడుకు జేమ్స్‌ని నిలబడమంటుంది. లైట్‌హౌస్ కాపలాదారు పిల్లాడి కోసం అల్లుతున్న మేజోడును వాడి కాలికి ఆనించి కొలుస్తుంది. వాడు కదులుతాడు, కదలొద్దంటుంది. మళ్లీ, ఈసారి విసురుగా, కదలొద్దంటుంది. చివరికి మేజోడు కనీసం అర అంగుళం పొట్టి అని తేలుతుంది. చేత్తో చేస్తే నిమిషం పని. గీతల మధ్య మిగిలినదంతా ఆలోచన: పాతబడ్డ కుర్చీలు, చదవని పుస్తకాలు, ఎవరూ మూయని తలుపులు, తండ్రి చావుబతుకుల్లో ఉన్న స్విట్జర్లాండ్ పనిపిల్ల.

ఇంతవరకు రాస్తే "ఎక్కడ, ఎంత" అయిపోయాయి. అసలు సంగతి మూడో ప్రశ్నలో ఉంది. మొదటిసారి ఆమె "కదలకు" అన్నది మెత్తగానే. రెండోసారి గొంతు ఎందుకు మారింది? జేమ్స్ ఎక్కువ కదిలినందుకు కాదు. ఆ పిల్ల మాటలూ, ఆమె తండ్రికి ఇక ఆశ లేదన్న సంగతీ గుర్తొచ్చి కలిగిన చిరాకు నోట్లోంచి వచ్చింది. వాడికి కారణం తెలియదు, అమ్మకి నిజంగానే కోపమొచ్చిందని మాత్రం తెలిసి కాలు సరిగా పెట్టాడు. అంటే ఆలోచన కథని ఆపలేదు, తర్వాతి పనిని అదే పుట్టించింది. గోదారిగట్టు గారూ, అందుకే "గడియారం ఆగింది" అనలేం.

గోదారిగట్టు:
ఒప్పుకుంటాను. మరి రెండో భాగం 'టైమ్ పాసెస్' సంగతి? పదేళ్లు చకచకా పోతాయి, మిసెస్ రామ్సే చావు కూడా బ్రాకెట్లలో ఒక్క వాక్యం. చైతన్య స్రవంతి వేగంగా కూడా నడుస్తుందన్నమాట!

పాత_మాస్టారు:
అక్కడ దాదాపు ఎవరి మనసూ లేదు కదండీ, ఎక్కువభాగం ఖాళీ ఇల్లే. మనుషుల మనసులు వుల్ఫ్ తీసేసింది కాబట్టే పదేళ్లు అలా పోయాయి. ఎవరి ఒక్క నిమిషానికి పేజీలిచ్చిందో ఆ మనిషి చావుకి ఒక్క వాక్యం. పోల్చడానికి బాగుంటుంది, కానీ దాన్నీ చైతన్య స్రవంతి అనకండి.

నల్లకుంట_నుంచి:
అసలు మేజోడు ఘట్టం మాత్రం చైతన్య స్రవంతేనా? "అనుకుంది" అంటూ రచయిత్రి పక్కనే నిలబడి చెబుతూనే ఉంటుంది. జాయిస్ నవల 'యులిసిస్' చివర మాలీ అనే పాత్ర ఆలోచనల్లో ఆ ఆసరా కూడా లేదు, కామాలు కూడా ఉండవు.

పాత_మాస్టారు:
మంచి ప్రశ్న. నేనైతే పేరు గురించి ఎక్కువ పట్టుబట్టను. కానీ "అనుకుంది" అన్న మాట మనల్ని ఎన్నిసార్లు బయటికి లాగుతుందో చూడండి, నడక మీద దాని ప్రభావం ఉంది.

సాహితి_ఎంఏ:
ఇలా మార్చాను: "కొలత మొదలుకీ ఫలితానికీ మధ్య పనిపిల్ల తండ్రి జ్ఞాపకం చేరుతుంది. మేజోడు పొడవు కోసం ఎదురుచూస్తున్న పాఠకుడు దానికి బదులు ఒక కసురు వింటాడు. ఆ కసురు ఎందుకో జేమ్స్‌కి తెలియదు, పాఠకుడికి తెలుసు."

పాత_మాస్టారు:
ఇది వాక్యమంటే. కాకపోతే "ఎదురుచూస్తున్న" అన్నావే, పాఠకుడు నిజంగా మేజోడు పొడవు కోసం చూస్తున్నాడా? నాకు అనుమానం.

వరంగల్_పాఠకుడు:
నేను చూశానండీ. అర అంగుళం అనగానే అయ్యో అనిపించింది.