ఆర్నెల్లు బండి కదలదు: అనంతపురం ఎండకు, ఎలుకలకు ఏం చేసి పెట్టాలి?

అనంత_క్లాసిక్
మార్చి చివర్లో ఆఫీసు పని మీద జర్మనీ వెళ్తున్నాను. తిరిగి వచ్చేది సెప్టెంబరు ఆఖరుకు. బండి క్లాసిక్ 350, 2023లో కొన్నది, ఇంజెక్షన్ మోడల్. అనంతపురంలో మా ఇంటి కింది పోర్షన్‌లో ఒక గదిలో పెట్టి తాళం వేయాలనుకుంటున్నాను. గదిలో ప్లగ్ పాయింట్ ఉంది. పైన నాన్న ఉంటారు, ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, బండి నడపరు. పక్క గదిలో శెనక్కాయల మూటలు ఉంటాయి, ఎలుకల భయం అందుకే. నేను చదివినవన్నీ మంచు కురిసే దేశాల వాళ్లు చలికాలం కోసం రాసుకున్నవే. మన ఎండాకాలానికి ఏం మారుతుంది? ముందు ట్యాంకు సంగతి చెప్పండి, నింపాలా, ఖాళీ చేయాలా?

కర్నూలు_కిరణ్
బ్రో, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసెయ్. పెట్రోలే లేకపోతే పాడయ్యేదేముంది? నాన్నగారిని వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయమను, బ్యాటరీ, ఇంజన్ రెండూ బాగుంటాయి. సీటు కింద నాలుగు నాఫ్తలీన్ ఉండలు వేస్తే ఎలుకలు రావు.

పాతూరు_వర్క్‌షాప్
కిరణ్ గారు చెప్పింది పాత కార్బ్యురేటర్ బండ్లకు కొంతవరకు సరిపోతుంది. ఈ బండికి మాత్రం ట్యాంకు ఖాళీగా ఉంచొద్దు. లోపల ఇనుప రేకు, ఖాళీ ట్యాంకులో గాలి నిండుతుంది. జూన్ తర్వాత గాలిలో తేమ పెరిగితే ఆ రేకు తుప్పు పడుతుంది. పెట్రోల్ పంపు కూడా ట్యాంకులోనే ఉంది, దాన్ని నెలల తరబడి ఎండబెట్టడం నాకు నచ్చదు.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్. అందులోని ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు లాగేది అడుగునుంచే. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ, తేమ కూడా తక్కువే. అయితే అంచు దాకా పొంగించకు. వేడికి పెట్రోల్ వ్యాకోచిస్తుంది, మూత కింది గొట్టం మొదలు దాకా నింపితే చాలు.

పెట్రోల్ త్వరగా పాడవకుండా కలిపే స్టెబిలైజర్ మందును ముందు పోసి, దాని మీద కొత్త పెట్రోల్ పట్టించు, అప్పుడు బాగా కలుస్తుంది. మోతాదు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, సీసా మీద చూసుకో. పది లీటర్లకు 30 ఎంఎల్ అని ఉంటే నీ 13 లీటర్ల ట్యాంకుకు 40 ఎంఎల్ లోపే. తర్వాత బంకు నుంచి ఇంటికి కనీసం పది, పదిహేను నిమిషాలు నడుపుకుంటూ రా. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, మందు ట్యాంకులోనే ఉండిపోతుంది, పైపులో, ఇంజెక్టర్‌లో పాత పెట్రోలే మిగిలిపోతుంది.

రాజంపేట_బుల్లెట్
నాది 2009 కార్బ్యురేటర్ బుల్లెట్. నేను ట్యాంకు నింపి, పెట్రోల్ కాక్ మూసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా ఐడిలింగ్‌లో ఉంచుతాను. ఆ తర్వాత కార్బ్యురేటర్ కింది స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా దించేస్తాను. కార్బ్యురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నెలో పెట్రోల్ ఎండితే పచ్చగా జిగురు కట్టి జెట్లు మూసుకుపోతాయి. కిరణ్ చెప్పిన ఖాళీ పద్ధతి గిన్నెకు సరైనదే, ట్యాంకుకు కాదు.

గుత్తి_యాక్టివా
అందరికీ నమస్కారం. మా యాక్టివా రెండేళ్లుగా చింతచెట్టు కింద ఉంది. ఈ స్టెబిలైజర్ పోస్తే స్టార్ట్ అవుతుందా? ఎంత పోయాలి?

పాతూరు_వర్క్‌షాప్
@గుత్తి_యాక్టివా కాదు సార్. అది కొత్త పెట్రోల్ పాడవడాన్ని నిదానింపజేస్తుందే గానీ పాడైనదాన్ని బాగు చేయదు. ముందు ట్యాంకులోది దించి వాసన చూడండి. పెట్రోల్ వాసన పోయి వార్నిష్ లాంటి ఘాటు వస్తుంటే దాన్ని ఇంజన్‌కు పెట్టొద్దు. స్టార్ట్ కొట్టకముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి, చెట్టు కింద రెండేళ్లంటే అందులో ఎవరో ఒకరు కాపురం పెట్టి ఉంటారు.

అనంత_క్లాసిక్
వారానికోసారి స్టార్ట్ చేయడం గురించి ఏమంటారు అన్నా? నాన్న ఆ పని చేస్తానంటున్నారు.

పాతూరు_వర్క్‌షాప్
వద్దు తమ్ముడూ. ఇంజన్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అరగంట నడిపితే సైలెన్సర్, ఆయిల్ బాగా వేడెక్కి అది బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆపేస్తే లోపలే నీరుగా మారి ఉండిపోతుంది, సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఇచ్చిన కరెంటు కూడా ఐడిలింగ్‌లో పూర్తిగా తిరిగి రాదు. ఎవరైనా నెలకోసారి బండిని గుత్తి రోడ్డు దాకా తీసుకెళ్లి వస్తే అంతకన్నా మంచిది లేదు. నడిపే మనిషి లేనప్పుడు ముట్టుకోకుండా ఉంచడమే మేలు.

కర్నూలు_కిరణ్
మా బాబాయి పదేళ్లుగా అలాగే స్టార్ట్ చేస్తున్నారు, బండికి ఏమీ కాలేదు. కానీ ఆయన వీధి చివరిదాకా ఓ రౌండు కూడా వేస్తారు, అందుకేనేమో.

తాడిపత్రి_ఎలక్ట్రికల్
బ్యాటరీ గురించి నేను చెప్తాను, ఇది రోజూ చూసే పని. మన దగ్గర బ్యాటరీకి ఎండే శత్రువు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఊరికే పెట్టినా తనంతట తాను దిగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగే వేగం దాదాపు రెట్టింపవుతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ, తాళం తీసేసినా బండి లాక్కునే కరెంటు.

ఆ కరెంటు కొలవచ్చు. తాళం తీసి పక్కన పెట్టు. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకు, టెర్మినల్‌కు మధ్య మల్టీమీటర్‌ను యాంపుల రేంజ్‌లో పెట్టు. మీటర్ అలా ఉన్నప్పుడు తాళం ఆన్ చేయకు, మీటర్ ఫ్యూజు పోతుంది. 3 మిల్లీ యాంపులు చూపించిందనుకో. రోజుకు 0.072 యాంప్-అవర్, నెలకు రెండుకు పైనే. 8 యాంప్-అవర్ బ్యాటరీ నాలుగు నెలలు తిరక్కుండానే ఖాళీ. జీపీఎస్ ట్రాకర్ బిగించి ఉంటే ఇంకా ముందే. ఖాళీ అయిన బ్యాటరీ అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పాత సత్తువ రాదు.

అందుకని కనీసం నెగటివ్ విప్పేయాలి. టెండర్ అనే చిన్న బ్యాటరీ ఛార్జర్ ఉంటే ఇంకా మంచిది. ఈ బ్యాటరీకి ఒక యాంపు లోపల ఇచ్చేది చాలు. నిండాక దానంతటదే తగ్గి 13 వోల్టుల పైన కాస్త నిలబెట్టేదై ఉండాలి. కారు షాపులో వాడే పెద్ద ఛార్జర్ పెట్టి మర్చిపోతే బ్యాటరీ ఉడికిపోతుంది. లిథియం బ్యాటరీ వేసుకున్నవాళ్లు దానికని రాసి ఉన్న ఛార్జరే వాడాలి.

ఇంకొకటి. కరెంటు పోయి వచ్చాక కొన్ని ఛార్జర్లు మళ్లీ బటన్ నొక్కితే తప్ప పనిచేయవు. వెళ్లే ముందు స్విచ్ ఆపి మళ్లీ వేసి చూడు, లైటు దానంతటదే వెలగాలి.

కడప_షమీమ్
మా ఆయన కువైట్‌లో ఉంటారు, బండి చూసుకునేది నేనే. తాళం వేసిన గదిలో ఛార్జర్‌ను ఆర్నెల్లు అలా వదిలేయడం నాకు టెన్షన్. మా ఇంట్లో ఓల్టేజీ కూడా నిలకడగా ఉండదు. అందుకే బ్యాటరీ విప్పి లోపల చల్లటి గదిలో చెక్క మీద పెడతాను. నెలకోసారి పొద్దున పెట్టి సాయంత్రం తీసేస్తాను. తీసిన మర్నాడు మీటర్ పెడితే 12.7 దగ్గర చూపిస్తుంది. 12.4కు దిగితే నెల కాకున్నా మళ్లీ పెడతాను. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

తాడిపత్రి_ఎలక్ట్రికల్
మీ పద్ధతి కూడా సరైనదేనమ్మా, చేసే మనిషి ఇంట్లో ఉండాలి అంతే. మంచి టెండర్ అయితే నెలల తరబడి వదిలేయవచ్చని నా అభిప్రాయం.

కడప_షమీమ్
మనిషి లేని గదిలో మాత్రం నేను వదలను అన్నా. ఎలుకలున్న గదిలో ఛార్జర్ వైరు కూడా ఎలుక కొరికేదే కదా.

అనంత_క్లాసిక్
అక్క చెప్పిన ఆ వైరు సంగతి నాకు తట్టనే లేదు. మరి ఎలుకలకు ఏం చేయాలి?

పాతూరు_వర్క్‌షాప్
ముందు శెనక్కాయల మూటలు అక్కడినుంచి తీయించు. తిండి పక్కనే పెట్టి మందులు వెతకడం దండగ. కుదరకపోతే మూతలున్న ఇనుప డ్రమ్ములకు మార్చు. తలుపు కింది సందు కూడా చూసుకో, చిటికెన వేలు దూరే సందు చుంచెలుకకు చాలు.

పోయినేడాది వానాకాలం తర్వాత మా షాపుకు ఒక బండి వచ్చింది, ధర్మవరం వైపుది, నాలుగు నెలలు నిలిపినది. సెల్ఫ్ తిరుగుతోంది, స్టార్ట్ కాదు. సీటు ఎత్తితే నల్లని బియ్యపు గింజల్లా పెంటికలు, శెనక్కాయ పొట్టు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో సీటు స్పాంజి, గోనె పీచు కలిపి గూడు. ట్యాంకు లేపి చూస్తే పెట్రోల్ పంపుకు వెళ్లే వైరు మీద ప్లాస్టిక్ పోయి రాగి బయటపడింది, ఒకటైతే పూర్తిగా తెగింది. బండి మీద కవరు నేలదాకా కప్పి ఉంచారట. ఎలుకకు అంతకన్నా భద్రమైన ఇల్లు ఏముంటుంది?

నాఫ్తలీన్ వాసన మన మేనెల వేడికి కొద్ది వారాల్లో ఆవిరైపోతుంది, ఆర్నెల్లకు దాన్ని నమ్ముకోలేం. విషం పెడితే అది వెళ్లి ఫిల్టర్ డబ్బాలోనే చస్తే ఆ కంపు వదలదు. నేను చేసేది ఇది. ఎయిర్ ఫిల్టర్ గాలి పీల్చే నోటికీ, సైలెన్సర్ చివరకూ సన్న కన్నాల స్టీలు జాలీ చుట్టి తీగతో బిగిస్తాను. గుడ్డ కుక్కొద్దు, అది గూటికి సరుకు. కవరు చక్రాల సగం దాకానే ఉండాలి. గోడ వెంబడి బోను పెట్టి, నాన్నగారు వారానికోసారి టార్చి వేసి సీటు కింద చూస్తే చాలు. జాలీ కట్టినట్టు చీటీ రాసి తాళంచెవికి కట్టు, లేదంటే వచ్చినరోజు అలాగే స్టార్ట్ కొడతావు.

రాజంపేట_బుల్లెట్
టైర్ల గురించి ఎవరూ చెప్పలేదు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం కూడా నేలకు తగలకుండా ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టు. కుదరకపోతే గాలి మామూలు కన్నా మూడు, నాలుగు పీఎస్ఐ ఎక్కువ పట్టించి, టైరు మీద రాసిన గరిష్ఠం దాటకుండా, కింద దళసరి అట్ట వెయ్యి. నెలకోసారి చక్రం కొంచెం తిప్పితే బరువు ఒకేచోట పడదు. కిటికీ ఎండ టైరు మీద పడకుండా చూడు, పక్క రబ్బరు సన్నగా పగులుతుంది. మెరుపు కోసం టైర్ పాలిష్ పూయకు.

అనంత_క్లాసిక్
సరే, బ్యాటరీ విప్పి పైన నాన్న గదిలో పెడతాను, టెండర్ నెలకోసారి ఆయన ముందే నడుస్తుంది. మూటలు ఈ ఆదివారం తీయిస్తాను. ఆయిల్ ఇప్పుడే మార్చాలా, వచ్చాకా?

పాతూరు_వర్క్‌షాప్
ఇప్పుడే. వాడిన ఆయిల్‌లో ఆమ్లం, మసి ఉంటాయి, ఆర్నెల్లు బేరింగుల మీద కూర్చోకూడదు. వచ్చాక తాళం తిప్పకముందే జాలీలు తీసి, ఫిల్టర్ డబ్బా విప్పి, సీటు కింద వైర్లు వేలితో తడిమి చూడు. ఆ తర్వాతే బ్యాటరీ బిగించు.

గుత్తి_యాక్టివా
అన్నా, డబ్బా విప్పాను. గూడు ఉంది, నాలుగు పిల్లలు కూడా ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?