200 లీటర్ల పత్తిగింజల నూనె డ్రమ్ముకు కాటా మీద ఎన్ని కేజీలు రావాలి?

ఫిల్లింగ్ సూపర్‌వైజర్, గుంటూరు:
విజయవాడ పార్టీ డ్రమ్ముకు 200 లీటర్లు అడుగుతున్నారు. మా దగ్గర ఉన్నది కాటా. ల్యాబ్ రిపోర్టులో స్పెసిఫిక్ గ్రావిటీ 30 డిగ్రీల దగ్గర 0.918. ఎన్ని కేజీల దగ్గర ఆపాలి?

నూనె వ్యాపారి, విజయవాడ:
ఇందులో టెన్షన్ ఏముందండీ? 200ని 0.918తో గుణిస్తే 183.6 కేజీలు. అసలు ఫ్లోమీటర్ పెట్టుకుంటే కాటా గొడవే ఉండదు. 200 దగ్గర వాల్వు కట్టేయడమే.

రిటైర్డ్ కెమిస్టు:
లెక్క సరే, ఫ్లోమీటర్ మాటే ఒప్పుకోను. ట్యాంకులో నూనె వేడిగా ఉంటుంది. డిగ్రీకి 0.00065 చొప్పున సాంద్రత తగ్గుతుంది కాబట్టి 50 డిగ్రీల దగ్గర అది 0.905. అప్పుడు మీటరు 200 చూపిస్తే డ్రమ్ములోకి వెళ్లింది 181 కేజీలే. అవతల గోడౌన్లో 30కి చల్లారితే 197 లీటర్లకు చేరుతుంది. మూడు లీటర్లు దొంగిలించారనే మాట మీకే వస్తుంది.

కాటా మీద 183.6 దగ్గర ఆపితే, పోసేటప్పుడు దాదాపు 203 లీటర్లుగా కనిపించినా చల్లారాక 200కి వస్తుంది. అయితే ప్రతి ఖాళీ డ్రమ్మునూ మూతతో సహా తూచి టేరు దాని మీదే రాయండి. అన్నిటికీ ఒకే టేరు కొడితే ఈ లెక్కంతా దండగ.

పాల సెంటర్ నడిపే ఆయన, తెనాలి వైపు:
మాకు ఉల్టా అండీ. పాలు నీళ్లకంటే బరువు, 1.03 వేసుకుంటే 40 లీటర్ల క్యానుకు 41 కేజీల పైనే తూగుతుంది. తక్కువ తూగితే నీళ్లు కలిపారనే. మీ నూనెలోనూ ఏదో కలిపారేమో చూసుకోండి.

రిటైర్డ్ కెమిస్టు:
కల్తీ సంగతి కాదు బాబూ, ఆయన అడిగింది ఎక్కడ ఆపాలని. నూనె ఎప్పుడూ నీళ్లకంటే తేలికే.

నూనె వ్యాపారి, విజయవాడ:
మరి మే నెలలో మా షెడ్డులో నూనె 40 దాటుతుంది. కొలకర్ర వేస్తే 200 పైనే చూపిస్తుంది. అదనం ఎవరిది?

రిటైర్డ్ కెమిస్టు:
అదనమేమీ రాలేదు, కేజీలు అవే. అందుకే ఆర్డర్లోనే "30 డిగ్రీల దగ్గర 200 లీటర్లు" అని రాయించుకోవాలి. డ్రమ్మును అంచు దాకా నింపకూడదన్నదీ ఇందుకే. వేడికి ఉబ్బిన నూనె ముందు మూత వాషరు దగ్గరే కారుతుంది.

ఫిల్లింగ్ సూపర్‌వైజర్, గుంటూరు:
పార్టీ మాత్రం డిగ్రీలు మాకెందుకు, లీటర్లు చూపించండి అంటున్నారు.

రిటైర్డ్ కెమిస్టు:
రిపోర్టులో 30/30 అని ఉందా చూడండి. ఉంటే అది 30 డిగ్రీల నీళ్లతో పోల్చిన అంకె. ఆ నీళ్లు లీటరుకు 0.9957 కేజీలే కాబట్టి దానితో కూడా గుణించాలి. అప్పుడు 183.6 కాదు, 182.8.

నూనె వ్యాపారి, విజయవాడ:
ఆ 800 గ్రాములు మాకు తగ్గిస్తే మాత్రం ఊరుకోం.