నాన్న పల్స్ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా: డోసు దేన్ని బట్టి మారుస్తారు?

నాన్నకి 71 ఏళ్లు, గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. రక్తం పలచబడే మందుతో పాటు పల్స్ తగ్గించే మెటోప్రొలాల్ 25 మి.గ్రా. మామూలు మాత్ర రోజుకి రెండుసార్లు వేసుకుంటున్నారు. కూర్చుని ఉన్నప్పుడు పల్స్ 110 లోపు ఉంటే చాలని, ఆయాసం, గుండెదడ తగ్గకపోతే 80కి దగ్గరగా తెద్దామని డాక్టర్ అన్నారు.

పది రోజులుగా నోట్‌బుక్‌లో రాస్తున్నాను. పొద్దున మాత్రకి ముందు 108 నుంచి 116. వేసుకున్న రెండు గంటలకి 74 నుంచి 80. సగటు తీస్తే అంతా బాగానే ఉన్నట్టుంది, కానీ తెల్లవారుజామున దడగా ఉందంటారు. అంటే రాత్రి మాత్ర ప్రభావం పొద్దుటికి తగ్గిపోతోందా? ఇలాంటప్పుడు మీ డాక్టర్లు డోసు పెంచారా, రోజంతా నెమ్మదిగా పనిచేసే రకానికి మార్చారా? డోసు పెంచితే మధ్యాహ్నం 50కి పడిపోయి కళ్లు తిరుగుతాయేమోనని నా టెన్షన్.

ఇంకోటి. బీపీ మిషన్ ఒకసారి 84, మరు నిమిషమే 101 చూపిస్తోంది. మణికట్టు దగ్గర నిమిషం లెక్కపెడితే 92, స్టెతస్కోప్‌తో ఛాతీ మీద వింటే 106. గుండె బలహీనంగా కొట్టుకున్నప్పుడు ఆ పల్స్ చేతిదాకా రాదట. లాగ్‌లో ఏది రాయాలి? వచ్చే వారమే చెకప్, అప్పటిదాకా మాత్ర మార్చను.